మిల్లుల యూనియన్ పెడితే ఓనరు దిగొస్తడా?

"మా రైస్ మిల్లుల 40 మందిమి హమాలీలం. బస్తాకు రేటు పెంచుమంటే ఓనరు 'ఇష్టమైతే ఉండు లేకపోతే పో' అంటుండు. యూనియన్ పెట్టుకుంటే నిజంగ ఏమన్న ఒరుగుతదా?"

తమ్మీ, నేను వరంగల్ దగ్గర ఒక బాయిల్డ్ మిల్లుల 11 ఏండ్లు హమాలీ చేసిన, మాది గూడ ఇదే కథ, మేం ఒకసారి బోర్లపడ్డంక గని మాకు తెలివి రాలే.

2022 ఆగస్టుల మేం పని బంద్ పెట్టినం. అప్పుడు యాసంగి వడ్లు అయిపోయినయి, వానకాలం వడ్లు ఇంక రాలే, మిల్లు సగం ఖాళీ. పైగ బంద్ పెట్టింది లోకల్ వాళ్లం 34 మందిమే, బీహారోళ్లు 24 మంది లోపల పని చేస్తనే ఉన్నరు. ఓనరు మా మొకం గూడ చూడలే. నాలుగో రోజు ఇంట్ల బియ్యం అయిపోయి మేమే తలొంచుకొని పోయినం, ముందట పడ్డ ముగ్గురిని తీసేసిండు.

అప్పుడు సమజైంది, మన బలం మన కోపంల లేదు, మనం లేకపోతే ఆయనకు రోజుకు ఎంత పోతదో అండ్ల ఉన్నది. ఏప్రిల్ ఆఖర్ల మా మిల్లుకు రోజుకు 10 లారీలు వస్తయి, లారీకి 500 బస్తాలు, అంటే 5000 బస్తాల దిగుమతి. బస్తాకు రూపాయి పెంచితే ఆయనకు పడేది రోజుకు 5000 రూపాయలు. అదే దిగుమతి ఆగితే లారీలు రోడ్డు మీద నిలబడ్తయి, డ్రైవర్లు లొల్లి పెడ్తరు, కొనుగోలు కేంద్రం వడ్లు ఇంకో మిల్లుకు మళ్లుతయి. ఆ సీజన్ వడ్లు ఒకసారి పోతే మళ్ల రావు, అది ఆయనకు మనకన్న మంచిగ తెల్సు.

అయితే బీహారోళ్లు మనతోని లేకపోతే ఈ లెక్క మొత్తం సున్నా. మా ముసలి మేస్త్రీ వాళ్ల రూముకు పోయి కూసుండి మాట్లాడిండు, ఆయనకు వచ్చిందే వంకర హిందీ. వాళ్ల కాంట్రాక్టరు బస్తాకు 50 పైసలు కోసుకుంటుండట, ఒక్క ఫ్యాను కింద 12 మంది పంటుండ్రట. మేం వాళ్లను మా కూలి ఎత్కపోయేటోళ్లు అనుకున్నం గని వాళ్లది మాకన్న అన్యాయం. డిమాండ్ కాగితంల మొదటి లైను ఫ్యాన్లు, రెండోది ఆ 50 పైసలు, మూడోది మన రేటు 4.50 నుంచి 6 అని రాసినం, తెలుగుల ఒకటి హిందీల ఒకటి. అట్ల 58 మందిమి ఒక్కటైనం. నెలకు తలా 200 చొప్పున ఐదు నెలలు జమ చేసినం, 58 వేలైనయి. ఆ పైసల సంగతి ఓనరు చెవుల పడేటట్టు మేమే చేసినం.

రిజిస్ట్రేషన్ కు కనీసం ఏడుగురు ఉండాలె, మీరు 40 మంది కాబట్టి ఇబ్బంది లేదు. 2023 మార్చి మొదట్ల డిమాండ్లు ఇచ్చి లేబర్ ఆఫీసుకు పోయినం, అంటే వడ్లు రాకముందే. ఓనరు "ఆఫీసు ఎందుకు, మనం మనం రాసుకుందాం" అన్నడు. అక్కడ మోసపోకు. బయట రాసుకున్న ఒప్పందం సంతకం పెట్టినోళ్లకే వర్తిస్తది, కన్సిలియేషన్ల, అంటే లేబర్ ఆఫీసర్ ముందట కూసుండి రాజీ చేసుకున్నది మాత్రం యూనియన్ల లేనోళ్లకు, రేపు కొత్తగ చేరేటోళ్లకు గూడ వర్తిస్తది, అప్పుడు తక్కువ రేటుకు కొత్తోళ్లను తెచ్చే సందు ఉండదు.

ఇంకోటి, 2025 నవంబర్ నుంచి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అని కొత్త కార్మిక చట్టం వచ్చింది, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. సగం మంది ఒక్కసారే లీవు పెట్టినా సమ్మె కిందనే లెక్క, "లీవు పెట్టి చూపిద్దాం" అనేటోళ్ల మాట ఇనకు. కన్సిలియేషన్ నడిచినన్ని రోజులు, అయిపోయినంక ఇంకో 7 రోజులు సమ్మె చేయరాదు. అందుకే లారీలు గేటు కాడికి వచ్చినంక కదిలితే సీజన్ చేతుల నుంచి జారిపోతది, నెలన్నర ముందే మొదలువెట్టాలె.

మాకైతే సమ్మె దాక పోలే. ఆఖరు మీటింగుల ఓనరు 5.50 ఇస్తా అన్నడు, కాకపోతే ఒప్పందం జూన్ ఆఖరుకు ముగియాలన్నడు. మా పోరగాళ్లు ఎగిరి గంతేసిండ్రు, మేస్త్రీ మాత్రం ఒప్పుకోలే. ఒప్పందం గడువు అయిపోయినా, ముగిస్తున్నం అని నోటీసు ఇచ్చినంక ఇంకో రెండు నెలలు పాతదే నడుస్తది. జూన్ల ముగిస్తే కొత్త రేటు కోసం కొట్లాడేందుకు మన చేతులు విడేది ఆగస్టు ఆఖరుకు, మళ్ల ఖాళీ మిల్లు. "జనవరి 31 పెట్టు, అప్పుడు మార్చి ఆఖరుకు, వడ్లు వచ్చే ముందట, మన చేతులు విడ్తయి, రేటు 5.25 ఇచ్చినా సరే" అన్నడు. 25 పైసలు ఇడిసిపెట్టినందుకు ఆ రాత్రి ఆయన్ని అందరం తిట్టినం, నేను గూడ తిట్టిన. ఫ్యాన్లు వచ్చినయి, కాంట్రాక్టరు కోత 20 పైసలకు దిగింది, బీహారోళ్లకు పీఎఫ్ మాత్రం సాధించలేకపోయినం.

2025 జనవరి ఆఖర్ల నోటీసు ఇచ్చినం. మార్చి మూడో వారంల ఓనరే పిలిచి 6 అన్నడు, చాయ గూడ తాగిపిచ్చిండు.