కట్టేసిన చందాకు సంస్థ పేరుతో జీఎస్‌టీ బిల్లు

ప్రశ్న: మాది విజయవాడలో జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న డిజైన్ సంస్థ. 2025 ఆగస్టు 22న హైదరాబాద్ కంపెనీ ఒకదాని సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా రూ.28,320 కట్టాను. ఖాతా నా సొంత ఈమెయిల్‌తో, హైదరాబాద్‌లోని ఇంటి చిరునామాతో ఉండడం వల్ల బిల్లు నా పేరునే వచ్చింది. సంస్థ పేరు, జీఎస్‌టీ నంబరుతో మళ్లీ బిల్లు తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తీసుకోవచ్చు. అయితే ఖాతాలోని బిల్లింగ్ సెట్టింగ్స్‌లో పేరు, నంబరు మార్చి, అదే బిల్లును మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందని మాత్రం అనుకోకండి. ఆ మార్పు సాధారణంగా తర్వాతి బిల్లులకే వర్తిస్తుంది. కొన్ని సైట్లు పాత బిల్లు మీద కూడా కొత్త పేరు ముద్రించి ఇస్తాయి గాని, ఆ కాగితం ఒక్కటే ఉంటే మీకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, రాదు. అమ్మిన కంపెనీ అమ్మకాల వివరాలిచ్చే తన జీఎస్‌టీఆర్-1 రిటర్నులో ఈ బిల్లును మీ నంబరు కింద చూపాలి. అది మీకు రావలసిన క్రెడిట్‌ను నెలనెలా పోర్టల్ చూపే జీఎస్‌టీఆర్-2బి పట్టికలో కనిపించాలి. జీఎస్‌టీ నంబరు లేని కొనుగోలుదార్ల చిన్న బిల్లులను కంపెనీలు పేర్లు లేకుండా, రాష్ట్రంవారీగా ఒకే మొత్తంగా చూపుతాయి. ఇప్పుడున్న రూపంలో మీ బిల్లు కూడా ఆ మొత్తంలోనే కలుస్తుంది.

మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది, అసలు జాగ్రత్త పడవలసింది అక్కడే. చందా రూ.24,000 మీద 18 శాతం పన్ను రూ.4,320. మీ చిరునామా హైదరాబాద్‌ది కాబట్టి కంపెనీ దాన్ని కేంద్ర పన్ను రూ.2,160, తెలంగాణ రాష్ట్ర పన్ను రూ.2,160గా విడగొట్టి ఉంటుంది. మీ సంస్థ నంబరు మాత్రం ఆంధ్రప్రదేశ్ కోడ్ అయిన 37తో మొదలవుతుంది. ఆ నంబరుతో బిల్లు ఇస్తే సరఫరా స్థలం ఆంధ్రప్రదేశ్ అవుతుంది, మొత్తం రూ.4,320 రాష్ట్రాల మధ్య సరఫరాకు పడే ఐజీఎస్‌టీగా పడాలి. కేవలం నంబరు చేర్చి, పన్నును పాత పద్ధతిలోనే వదిలేస్తే బిల్లు మీ 2బిలోకి వచ్చినా క్రెడిట్ వర్తించదనే పట్టికలో పడుతుంది. మీరు కట్టే మొత్తంలో పైసా తేడా లేకపోయినా, కంపెనీ తెలంగాణ లెక్కలో కట్టిన పన్నును వెనక్కి తీసుకుని ఐజీఎస్‌టీ కట్టాల్సి వస్తుంది కాబట్టి, బిల్లింగ్ విభాగం వాళ్లు వెనకాడడానికి కారణం చాలాసార్లు ఇదే.

అందుకే తేదీ చూసుకోండి. నెలవారీ రిటర్నులు వేసే కంపెనీ ఆగస్టు బిల్లులను సెప్టెంబరు 11లోగా జీఎస్‌టీఆర్-1లో చూపాలి. ఆలోపు అడిగితే వాళ్లకు పని తేలిక. దాటితే రిటర్ను సవరించాలి. ఖాతాకు రీఫండ్ గడువు ఇంకా మిగిలి ఉంటే నేను రెండో దారినే సూచిస్తాను: చందా రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకుని, ముందుగా సంస్థ వివరాలు నమోదు చేశాక మళ్లీ కొనండి. రాయితీ ధర పోతుందేమో, ఖాతాలోని ఫైళ్లు నిలుస్తాయో లేదో రద్దుకు ముందే రాతపూర్వకంగా అడగండి.

సవరణే కోరుతున్నట్లయితే బిల్లు నంబరు, తేదీ, మొత్తం, మీ 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు, రిజిస్ట్రేషన్ పత్రంలోని పేరు, విజయవాడ చిరునామా రాసి, పాత బిల్లును రద్దు చేసి సరఫరా స్థలం ఆంధ్రప్రదేశ్‌గా, ఐజీఎస్‌టీతో కొత్త బిల్లు ఇవ్వమని, దాన్ని జీఎస్‌టీఆర్-1లో మీ నంబరు కింద చూపమని స్పష్టంగా అడగండి. పేరును ఊహించి రాయకండి. జీఎస్‌టీ పోర్టల్‌లోని `Search Taxpayer`లో మీ నంబరు కొడితే చట్టపరమైన పేరు, వ్యాపార పేరు రెండూ కనిపిస్తాయి. మీది సొంత యాజమాన్య సంస్థ అయితే చట్టపరమైన పేరు మీదే అవుతుంది, కాబట్టి బిల్లులో మీ పేరు ఉండడం తప్పు కాదు. లోపం నంబరు లేకపోవడంలో, చిరునామాలో ఉంది.

కొత్త బిల్లు చేతికి వచ్చాక పని ముగిసిందనుకోకుండా, తర్వాతి నెల 14న తయారయ్యే 2బిలో ఆ బిల్లు నంబరు, ఐజీఎస్‌టీ రూ.4,320 ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కంపెనీకి మళ్లీ రాయండి. 2025–26 బిల్లుకు క్రెడిట్ తీసుకునే గడువు 2026 నవంబరు 30, లేదా మీ వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందయితే అది.

ఇదే చందా విదేశీ కంపెనీది అయితే దారి వేరు. నంబరు ఇవ్వని కొనుగోలుదారు నుంచి ఆ కంపెనీ వసూలు చేసే 18 శాతం మీ 2బిలోకి రాదు. నంబరు ఇస్తే బిల్లులో పన్ను ఉండదు. రివర్స్ చార్జ్ కింద మీరే ఐజీఎస్‌టీ కట్టి, దానికి క్రెడిట్ తీసుకోవాలి. కాబట్టి అలాంటి కంపెనీని అడగవలసింది వసూలు చేసిన పన్నును తిరిగి ఇవ్వమనే.