వేరుశెనగ గానుగ కేసు: నాలుగు గళ్ళ నుంచి సిఫార్సు దాకా

“నేను అనంతపురంలో బీబీఏ చివరి ఏడాది చదువుతున్నాను. వేరుశెనగ నూనె గానుగ మీద ఇచ్చిన కేసుకు స్వాట్ రాసి, ఐదు సిఫార్సులు కూడా ఇచ్చాను. 20కి 9 మార్కులే వచ్చాయి. ‘విశ్లేషణ లేదు’ అని రాశారు. కేసునూ నా జవాబునూ పంపుతున్నాను. ఎక్కడ తప్పాను?”

స్వాట్ అంటే బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అనే నాలుగు గళ్ళు. మీ జవాబులో తొలి ఇబ్బంది, విషయాలు తమ గళ్ళలో లేకపోవడం. వర్షాభావాన్ని బలహీనతల్లో రాశారు. ఒక విషయం ఎక్కడికి చెందుతుందో తేలనప్పుడు, ఈ గానుగ రేపు మూతపడినా అది అలాగే ఉంటుందా అని అడిగి చూడండి. గానుగ ఉన్నా లేకపోయినా మన జిల్లాలో వాన తక్కువే కాబట్టి అది బయటి ముప్పు. అలాగే ‘బెంగళూరులో దుకాణం తెరవడం’ అవకాశం కాదు, అది యజమాని చేయదలచిన పని. అక్కడ గానుగ నూనె కొనేవారు పెరగడం అవకాశం అవుతుంది, అదీ కేసులో ఆధారం ఉంటేనే.

రెండోది, దీనికన్నా పెద్దది: కేసులో ఇచ్చిన అంకెలను మీరు ముట్టుకోలేదు. ‘ఒకే టోకు వ్యాపారిపై ఆధారపడటం’ అని రాసి వదిలేశారు. కేసు ప్రకారం నెలకు అమ్మే 3,000 లీటర్లలో 1,800 లీటర్లు ఆ వ్యాపారికే, లీటరు 240 రూపాయలకు, 60 రోజుల అరువు మీద పోతున్నాయి. అంటే ఎప్పుడు చూసినా 8,64,000 రూపాయలు అతని దగ్గర నిలిచి ఉంటాయి. బలహీనత అంటే ఈ అంకె.

ఇప్పుడు లీటరు లెక్క చూడండి. కేసులో లీటరు నూనెకు 2.4 కిలోల పప్పు పడుతుంది. కిలో 100 రూపాయల చొప్పున 240 అవుతుంది. మిగిలే చెక్క అమ్మితే 56 తిరిగి వస్తుంది, కూలి, కరెంటు, సీసాలకు 30 పోతుంది. వెరసి ఖర్చు 214, టోకు అమ్మకంలో మిగిలేది 26. పప్పు ధర కిలోకు 10 రూపాయలు పెరిగితే ఖర్చు 24 పెరిగి, లాభం 2 రూపాయలకు పడిపోతుంది. ఖరీఫ్ పంట దిగే అక్టోబరు, నవంబరులలో పప్పు చౌకగా దొరుకుతుందనీ, తర్వాత కిలోకు సుమారు 10 రూపాయలు పెరుగుతుందనీ కేసే చెబుతోంది. ఆ సమయంలో కొని పెట్టుకోవడానికి యజమాని చేతిలో డబ్బు లేదు, ఎందుకంటే అది టోకు వ్యాపారి దగ్గర ఉంది. ఒక బలహీనత ఒక ముప్పును ఇలా పెంచుతోందని చూపడమే మీ అధ్యాపకులు అడిగిన విశ్లేషణ. గళ్ళను ఇలా జతపరచే పద్ధతిని 1982లో హైంజ్ వైరిక్ ప్రతిపాదించారు, మీ పాఠ్యాంశాల్లో అది టోస్ పట్టికగా ఉంటుంది.

సిఫార్సు ఈ జత నుంచే రావాలి. అరువు 60 రోజుల నుంచి 30 రోజులకు తగ్గితే 4,32,000 రూపాయలు చేతికి వస్తాయి. దానితో పంట కాలంలో 4,320 కిలోల పప్పు కొనవచ్చు, ధర పెరిగాక కొనడంతో పోలిస్తే 43,200 రూపాయలు ఆదా. అయితే వ్యాపారి ఊరికే ఒప్పుకోడు, తగ్గింపు అడుగుతాడు. లీటరుకు 2 రూపాయలు తగ్గించారనుకోండి, నెలకు 3,600, ఏడాదికి సరిగ్గా 43,200 పోతుంది, ఆదా అంతా అతనికే చేరుతుంది. కాబట్టి రూపాయికి మించి ఇవ్వకూడదని సిఫార్సులోనే హద్దు రాయండి. ఆ రూపాయి ఇచ్చాక మిగిలే 21,600లో నిల్వ ఖర్చు కూడా పోవాలి. ఒలిచిన పప్పు తేమ పట్టి బూజు పడుతుంది కనుక, సరుకును బాగా ఎండిన కాయల రూపంలోనే నిల్వ చేయాలని కూడా చేర్చండి.

వ్యాపారి దానికీ ఒప్పుకోకపోతే? గానుగ దగ్గర చిల్లరగా అమ్మే నూనె ధర 290, అంటే లీటరుకు టోకు కన్నా 50 ఎక్కువ. మీరు ‘చిల్లర అమ్మకాలు పెంచాలి’ అని రాశారు, కానీ చిల్లరగా ఇంకా కొనేవారు ఉన్నారని కేసు ఎక్కడా చెప్పలేదు. అందుకే దీన్ని మూడు నెలల ప్రయత్నంగా రాయండి: యజమాని కొడుకు అనంతపురం పట్టణంలో నెలకు 100 లీటర్లు ఇంటింటికీ చేర్చాలి, చేరవేత ఖర్చు లీటరుకు 20 దాటకూడదు, మూడో నెలలో 80 లీటర్లకు తక్కువ అమ్ముడైతే ఆపేయాలి.

మిగిలిన మూడు సిఫార్సులను, అంటే ప్రకటనలు, కొత్త యంత్రం, ఎగుమతిని తీసేయండి. వాటికి కేసులో ఆధారం లేదు, చేతిలో డబ్బు లేని యజమానికి వాటి ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో మీరూ చెప్పలేదు. తిరిగి రాసేటప్పుడు స్వాట్ పట్టికను అర పేజీకి కుదించి, మిగిలిన చోటంతా పైన చూపిన లెక్కకూ రెండు సిఫార్సులకూ ఇవ్వండి.