కవర్‌తో పాటు గ్లాస్ అమ్మాలంటే చెకౌట్‌ని ముట్టుకోకండి

ప్రశ్న: విజయవాడ నుంచి చిన్న ఆన్‌లైన్ స్టోర్ నడుపుతున్నాను. ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, కేబుళ్లు. బండిల్ పెట్టి చెకౌట్‌లో చూపించాలా, లేక పేమెంట్ అయ్యాక "ఇది కూడా తీసుకోండి" అని అడగాలా?

బండిల్‌ని ఫోన్ కవర్ అమ్మే ప్రొడక్ట్ పేజీలోనే పెట్టండి, చెకౌట్‌ని ఖాళీగా వదిలేయండి. చెకౌట్ దాకా వచ్చినవాడు అడ్రస్, పిన్‌కోడ్ కొడుతుంటాడు. మధ్యలో పాప్-అప్ వచ్చి కీబోర్డుని కప్పేస్తే వాడు గ్లాసూ కొనడు, కవరూ కొనడు.

పోయిన ఏడాది మంగళగిరిలో మా అక్క వాళ్లింట్లో ఉన్నప్పుడు డెలివరీ కుర్రాడొచ్చాడు. అక్క ఏదో స్టోర్‌లో ఫోన్ కవర్ బుక్ చేసింది, క్యాష్ ఆన్ డెలివరీ. "397 అమ్మా" అన్నాడు. "249 కదా బాబూ?" అంది అక్క. కుర్రాడు ఫోన్ తిప్పి చూపించాడు. ఆర్డర్ తెరిచి చూస్తే గ్లాస్ 99, ఏదో ప్రొటెక్షన్ ప్లాన్ 49. రెండింటికీ ముందే టిక్ పెట్టి ఉంచారన్నమాట, ఈవిడ చూసుకోలేదు. "నాకేం తెలీదు మేడమ్, ఇందులో ఎంతుంటే అంతే తీసుకోవాలి" అన్నాడు. అక్క అసలు పార్శిలే వద్దంది. బండి మీదే రిటర్న్ నొక్కేసి వెళ్లిపోయాడు. 148 ఎక్కువ లాగబోయి ఆ షాపువాడు 249 బేరం కూడా పోగొట్టుకున్నాడు, పైగా కొరియర్ ఖర్చు రానూపోనూ వాడి నెత్తినే. ఇలా చెప్పకుండా కార్టులో జొప్పించడాన్ని 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నేరుగా నిషేధించాయి కూడా. ఇంకా ఆ టిక్ బాక్సులు నేర్పే వీడియోలు తీస్తున్నవాళ్లకి దండం పెట్టాలి.

ఇక లెక్క. జీఎస్టీ పక్కన పెట్టి నా రేట్లు చెప్తున్నా. కవర్ 249కి అమ్మితే కొన్న ధర 80, కొరియర్ 65, సీఓడీ చార్జీ 35, ప్యాకింగ్ 8 పోను 61 మిగులుతుంది. గ్లాస్ విడిగా 99. రెండూ కలిపి 319కి ఇస్తే కస్టమర్‌కి 29 తగ్గుతుంది, గ్లాస్ నాకు పడేది 25 కాబట్టి మిగిలేది 106 అవుతుంది. కొరియర్‌వాడు అరకిలో దాకా ఒకే రేటు తీసుకుంటాడు, కవరూ గ్లాసూ కలిపినా దాని దరిదాపుల్లోకి కూడా రావు. బండిల్‌లో లాభమంతా ఇక్కడే ఉంది. కానీ బండిల్‌కి 74 దాకా తగ్గిస్తే మళ్లీ మొదటి 61కే వస్తుంది.

అయితే జత కుదరాలి. ఇది చాలామంది పట్టించుకోరు. స్క్రీన్ అంచు దాకా వచ్చే గ్లాస్‌కి, అంచులు లోపలికి వంగిన గట్టి కవర్‌కి పడదు. కవర్ ఎక్కించగానే గ్లాస్ మూలల్లో లేచి గాలి బుడగలు కనిపిస్తాయి. కస్టమర్ గ్లాస్ బాగోలేదనే అంటాడు, కవర్ని ఎవరూ అనుమానించరు. అందుకే గవర్నర్‌పేటలో హోల్‌సేల్‌గా తెచ్చేటప్పుడే ఆ మోడల్ ఫోన్ ఒకటి దొరకబుచ్చుకుని, రెండూ వేసి, నాలుగు మూలలా వేలితో నొక్కి చూసి తీసుకుంటాను. కుదరకపోతే అంచు నుంచి కాస్త లోపలికే ఆగే గ్లాస్‌తో జత చేస్తాను. కస్టమర్ ఎంచుకున్న మోడల్‌కి తగ్గ జతే పేజీలో కనపడాలి. నోట్ 13కి కవర్ తీసుకున్నవాడికి నోట్ 13 ప్రో గ్లాస్ చూపిస్తే అంతే సంగతులు.

పేమెంట్ అయ్యాక ఒక్క నొక్కుతో అదనంగా అమ్మే యాప్‌లు అమెరికా వీడియోల్లో బ్రహ్మాండంగా ఉంటాయి. అక్కడ కార్డు వివరాలు దాచుకుని మళ్లీ డబ్బు లాగేస్తారు. మన దగ్గర యూపీఐలో మామూలుగా ప్రతి పేమెంట్‌నీ కస్టమరే మళ్లీ ఓకే చేయాలి, అంత ఓపిక ఎవరికుంది? ఆ యాప్‌కి నెలనెలా డాలర్లు కట్టడం దండగ.

సీఓడీ ఆర్డర్లకి మాత్రం మా కుర్రాడు ఎలాగూ కన్ఫర్మేషన్ కాల్ చేస్తాడు. అడ్రస్ అంతా సరిచూసుకున్నాక, "గ్లాస్ కూడా పెట్టమంటారా అండీ, ఇంకో 70 అవుతుంది, మొత్తం 319" అని ఒక్కసారి అడుగుతాడు. వద్దంటే అక్కడితో వదిలేస్తాడు. ఈ కాల్ కొరియర్ లేబుల్ తీయకముందే అవ్వాలి. లేబుల్ మీద 249 ఉండి లోపల గ్లాస్ ఉంటే డెలివరీ కుర్రాడు 249యే వసూలు చేస్తాడు. లేబుల్ ముందే తీసేసి ఉంటే దాన్ని క్యాన్సిల్ చేసి, బిల్లు మార్చి, కొత్తది తీయండి. పెన్నుతో కొట్టేసి దిద్దితే ఎవడూ చూడడు, వాడి యాప్‌లో ఉన్న అంకే లెక్క.