చుక్కలు నీలంగా మారితే షుగర్ తగ్గినట్టా?

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది. గుంటూరు అరండల్‌పేటలో ఒకరింట్లో డెమో పెట్టి, ఆల్కలైన్ హైడ్రోజన్ నీళ్లు తాగితే మూడు నెలల్లో షుగర్ కంట్రోల్ అవుతుందని లక్షా అరవై వేల మెషీన్ అమ్మారు. ఐదు నెలలైంది, ఏ మార్పూ లేదు. మెషీన్ పని చేయట్లేదని కేసు వేయొచ్చా?

జవాబు: అలా మాత్రం వేయకండి. వినియోగదారుల కమిషన్ ఆ నీళ్లను ల్యాబ్‌కు పంపితే, క్షారగుణాన్ని చూపే పీహెచ్ తొమ్మిది దాటిందని రిపోర్టు రావచ్చు. మెషీన్ బాగానే ఉందని తేలితే మీ కేసు అక్కడితో సరి. మీరు మోసపోయింది మెషీన్ దగ్గర కాదు, వాళ్లు చెప్పిన మాట దగ్గర.

డెమోలో చుక్కలు వేయగానే నీళ్లు నీలంగా మారి ఉంటాయి. ఆ చుక్కలు చూపేది పీహెచ్ ఒక్కటే. మామూలు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపినా రంగు నీలం వైపే తిరుగుతుంది. ఆ క్షారాన్ని కడుపులోని ఆమ్లం తటస్థం చేసేస్తుంది. రక్తం పీహెచ్‌ను 7.35, 7.45 మధ్య నిలబెట్టేది ఊపిరితిత్తులు, కిడ్నీలు. ఇక హైడ్రోజన్ మామూలుగా లీటరు నీటిలో 1.6 మిల్లీగ్రాములకు మించి కరగదు, గ్లాసు తెరిచి ఉంచితే అదీ ఎగిరిపోతుంది. దాని మీద చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి కానీ, షుగర్‌కు మందులా చెప్పుకోవడానికి అవి చాలవు.

మీకు పనికొచ్చేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47). సరైన పరీక్ష లేకుండా ఒక వస్తువు ఫలానా ఫలితం ఇస్తుందని జనానికి హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేశామని వాళ్లు వాదిస్తే, నిరూపించే భారం వాళ్లదే. వాళ్లు ఐఎస్ఓ సర్టిఫికెట్ తెచ్చి పెడతారు, చాలా కేసుల్లో తెచ్చేది అదే. అది కంపెనీ పనితీరు గురించి. మీరు అడగాల్సింది ఒకటే: షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి ఈ నీళ్లు, కొందరికి మామూలు మంచినీళ్లు ఇచ్చి పోల్చిన పరీక్ష ఏది?

అయితే ఆ హామీ వాళ్లు ఇచ్చారని ముందు మీరు చూపాలి. కరపత్రం, వాట్సాప్ మెసేజ్, వాయిస్ నోట్, బిల్లు భద్రపరచండి, ఆ ఫోన్ మార్చకండి. నోటి మాట ఒక్కటే ఉంటే కేసు బలహీనం, డెమోకు వచ్చిన పక్కింటివాళ్ల అఫిడవిట్ అయినా సంపాదించండి. నాన్నగారి షుగర్ రిపోర్టుల మీదే కేసు నిలపకండి. మందుల వల్లో, తిండి వల్లో తగ్గలేదని వాళ్లు అంటారు.

ముందు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. కదలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, రెండేళ్లలోపు, డబ్బు వాపసు, ఖర్చులు కోరుతూ వేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. మెషీన్ వెనక్కి ఇస్తామని కూడా రాయండి, అట్టపెట్టె పారేయకండి.

వాళ్ల మాట విని నాన్నగారు మాత్రలు మానేశారా? అలాగైతే నోటీసు సంగతి రేపు చూద్దాం, ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.