డిగ్రీ ఉంటే ప్రొఫెషనల్ ఇంజనీరు అయినట్టేనా?

ప్రశ్న: అమెరికాలో సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తయింది. పేరు పక్కన పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజనీరు అని రాసుకోవచ్చా? లేదంటే ఇంకేం చేయాలి?

ఇప్పుడే రాసుకోకూడదు. డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం, పీఈ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర బోర్డు. వంతెన లెక్కలన్నీ మీరే వేసినా, ఆ డ్రాయింగుల మీద సంతకం చేసి ముద్ర వేసేది పీఈ. తప్పు జరిగితే జవాబు చెప్పాల్సిందీ ఆయనే.

ముందు ఎఫ్‌ఈ, అంటే ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్ పరీక్ష రాయండి. 110 ప్రశ్నలు, ఎక్కువగా కాలేజీ పాఠాలే, కాబట్టి మరచిపోకముందే రాయడం తెలివి. తర్వాత సాధారణంగా నాలుగేళ్ల అనుభవం కావాలి, అదీ పీఈ పర్యవేక్షణలో. దరఖాస్తులు తరచూ చిక్కుకునేది ఇక్కడే. ‘దూలాల డిజైనులో పాల్గొన్నాను’ అని రాస్తే బోర్డుకు ఏమీ అర్థం కాదు. ‘12 మీటర్ల దూలం వంపు పరిమితి దాటుతోందని లెక్కలో తేలింది, అందుకని లోతు పెంచాను’ అంటే మీ నిర్ణయం కనిపిస్తుంది. ఇలాంటివి ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత గుర్తుండవు. ఉద్యోగం మారితే పాత పర్యవేక్షకుడి చిరునామా దగ్గర ఉంచుకోండి, మీ అనుభవాన్ని ధ్రువీకరించాల్సింది ఆయనే.

చివరిది పీఈ పరీక్ష. చాలా రాష్ట్రాల్లో అనుభవం పూర్తికాకముందే రాయనిస్తారు, లైసెన్సు మాత్రం అప్పుడే ఇవ్వరు.