పరిధి బయట పడితే లెక్క మధ్యగతం దగ్గరే ఆగుతుంది

ప్రశ్న: హైదరాబాద్‌లోని మా చిన్న కంపెనీ అమెరికాలోని మాతృసంస్థకు మాత్రమే సాఫ్ట్‌వేర్ పని చేసిపెడుతుంది. 2022-23లో మాకైన ఖర్చు 20 కోట్లు, బిల్లు చేసింది 22 కోట్లు. ఒకే గ్రూపు సంస్థల మధ్య ధరలను పరిశీలించే పన్ను అధికారి అయిన ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఆఫీసర్ ఏడు కంపెనీలతో పోల్చి మా ఆదాయానికి 1.20 కోట్లు కలిపారు. డ్రాఫ్ట్ ఆర్డర్ వారం క్రితం అందింది. పోల్చిన కంపెనీలకు ఖర్చు మీద వచ్చిన లాభశాతాలు 8.4, 11.2, 13.6, 16.0, 18.5, 21.7, 27.3. పరిధి 13.6 నుంచి మొదలవుతుందని వారే రాశారు. అక్కడి వరకు లెక్కిస్తే 72 లక్షలే కదా? ఒప్పుకోవాలా, పోరాడాలా?

జవాబు: కూడికలో ఆఫీసర్ పొరపాటు లేదు. పోల్చదగిన కంపెనీలు ఆరు గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్నప్పుడు, ఆదాయపు పన్ను నియమం 10సీఏ ప్రకారం వాటి లాభశాతాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, 35వ పర్సంటైల్ నుంచి 65వ పర్సంటైల్ వరకు ఒక పరిధి గీస్తారు. ఏడింటిలో 35 శాతమంటే 2.45 కనుక మూడో అంకె, 65 శాతమంటే 4.55 కనుక ఐదో అంకె హద్దులవుతాయి. ఆ లోపల ఉన్నవారి ధరను యథాతథంగా అంగీకరిస్తారు. బయట పడినవారిని మాత్రం హద్దు వరకు కాక, మధ్యగతం వరకు, అంటే మీ విషయంలో నాలుగో అంకె 16 వరకు జరుపుతారు. 20 కోట్ల ఖర్చు మీద 16 శాతం లాభమంటే బిల్లు 23.20 కోట్లు ఉండాలి, అందుకే 1.20 కోట్లు. మీ లాభం 13.6 శాతమై ఉంటే ఒక్క రూపాయి కూడా కలిపేవారు కాదు, 13.5 అయి ఉంటే 50 లక్షలు కలిపేవారు. ఇది నాకు కఠినంగానే తోస్తుంది గాని నియమం అంతే. కంపెనీలు ఆరుకు తగ్గి సగటు తీసుకున్నప్పుడు వర్తించే 3 శాతం వెసులుబాటు కూడా ఇక్కడ లేదు.

కాబట్టి వాదించవలసింది హద్దు గురించి కాదు, మీ సొంత లాభశాతం గురించి. ఆ 20 కోట్లలో బ్యాంకు వడ్డీ, పాత ఆస్తులు అమ్మినప్పుడు వచ్చిన నష్టం వంటివి కలిసిపోయాయేమో ముందు చూడండి. ఇవి సేవలు అందించడానికి అయిన నిర్వహణ ఖర్చులు కావు. ఉదాహరణకు అలాంటివి 66 లక్షలు తేలితే ఖర్చు 19.34 కోట్లకు దిగి, లాభం 13.75 శాతానికి చేరి, మీరు పరిధిలోకి వచ్చేస్తారు, మొత్తం సర్దుబాటు పోతుంది. పోల్చిన ఏడు కంపెనీల లెక్కలోనూ ఆ ఖర్చులను అలాగే తీసేశారని చూపించగలిగితేనే ఈ వాదన నిలుస్తుంది.

అది కుదరకపోతే 27.3 శాతం కంపెనీ వార్షిక నివేదిక తెరిపించండి. సొంత ఉత్పత్తులు అమ్ముకునే సంస్థ అయ్యుండి, ఉత్పత్తుల ఆదాయాన్ని, సేవల ఆదాయాన్ని విడివిడిగా చూపకపోతే, మాతృసంస్థకు మాత్రమే పని చేసే మీతో దానికి పోలిక కుదరదని గట్టిగా అడగవచ్చు. అది పోతే ఆరు మిగులుతాయి. ఆరింటిలో సగం సరిగ్గా మూడు కనుక, మధ్యగతం మూడు, నాలుగు అంకెల సగటు, అంటే 14.8 అవుతుంది, సర్దుబాటు 96 లక్షలకు తగ్గుతుంది.

24 లక్షలే కదా తగ్గిందని అనుకోవద్దు. సర్దుబాటు కోటి రూపాయలు దాటితే, 1961 చట్టంలోని 92సీఈ సెక్షన్ కింద ఆ సొమ్ము మాతృసంస్థ నుంచి నిజంగానే భారతదేశానికి రావాలి. మీరు ఆర్డర్‌ను అంగీకరించి, 90 రోజుల్లో 1.20 కోట్లు తెప్పించకపోతే, దాన్ని మీరు మాతృసంస్థకిచ్చిన అడ్వాన్సుగా భావించి, ఏటా దాని మీద వడ్డీ వచ్చినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు. 96 లక్షలైతే ఆ గొడవే లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా మీ సంవత్సరానికి పాత చట్టమే వర్తిస్తుంది.

అందుచేత ఇప్పుడే ఒప్పుకోవద్దని నా అభిప్రాయం. డ్రాఫ్ట్ ఆర్డర్ అందిన 30 రోజుల్లో వివాద పరిష్కార ప్యానెల్ ముందు అభ్యంతరాలు దాఖలు చేయవచ్చు, ఈ దశలో పన్ను డిమాండ్ ఉండదు. మీరు 22 శాతం పన్ను విధానం ఎంచుకుని ఉంటే సర్‌చార్జి, సెస్సుతో 25.168 శాతం చొప్పున 1.20 కోట్ల మీద దాదాపు 30.20 లక్షలు, దాని మీద వడ్డీ పడతాయి. ఆ మొత్తాన్ని డివిడెండుగా పంచేయకుండా కంపెనీ పేరనే స్వల్పకాలిక డిపాజిట్‌లో ఉంచండి. ప్యానెల్ తీర్పు తరువాత ట్రిబ్యునల్‌కు వెళ్లవలసి వస్తే, స్టే కోసం సాధారణంగా డిమాండ్‌లో 20 శాతమైనా కట్టాలి లేదా హామీ చూపాలి.