పెద్ద కంపెనీ పెరిగినా సూచీ ఎందుకు పడుతుంది?

ప్రశ్న: మార్కెట్ విలువలో అన్నిటికంటే పెద్ద కంపెనీ షేర్లు నా దగ్గర ఉన్నాయి. ఒకరోజు అది 4 శాతం పెరిగింది, సూచీ మాత్రం పడింది. ఇదెలా సాధ్యం? అసలు సూచీని ఎలా లెక్కకడతారు?

జవాబు: ఎంపిక చేసిన కొన్ని కంపెనీల విలువలను కూడి, ఆ మొత్తాన్ని డివైజర్ అనే సంఖ్యతో భాగిస్తే వచ్చేదే సూచీ. ఏ విలువను కూడుతున్నారన్నదే ఇక్కడ కీలకం. సెన్సెక్స్ 2003 నుంచి, నిఫ్టీ 50 2009 నుంచి ఫ్రీ ఫ్లోట్ విలువనే తీసుకుంటున్నాయి. అంటే ప్రమోటర్లు, ప్రభుత్వం అట్టిపెట్టుకున్న షేర్లు, కొంతకాలం అమ్మకూడదన్న లాక్-ఇన్‌లో ఉన్నవి పక్కనపెట్టి, మార్కెట్లో చేతులు మారగల షేర్లను మాత్రమే లెక్కిస్తారు.

మూడే కంపెనీలున్న సూచీని ఊహించండి. ‘అ’ మొత్తం విలువ లక్ష కోట్లు, అందులో ప్రమోటర్ల వాటా 75 శాతం. కాబట్టి ఫ్లోట్ 25 వేల కోట్లే. ‘ఆ’ విలువ 60 వేల కోట్లు, ప్రమోటర్ల వాటా 10 శాతమే కనుక ఫ్లోట్ 54 వేల కోట్లు. ‘ఇ’ విలువ 40 వేల కోట్లు, ఫ్లోట్ 21 వేల కోట్లు. సూచీలో ఒక కంపెనీకి దక్కే వాటానే వెయిటేజీ అంటారు. మొత్తం విలువ చూస్తే ‘అ’ది 50 శాతం వెయిటేజీ, ‘ఆ’ది 30. ఫ్లోట్ ప్రకారం ‘అ’ 25కి దిగి, ‘ఆ’ 54కి ఎక్కుతుంది.

ఇప్పుడు ‘అ’ 4 శాతం పెరిగి, ‘ఆ’ 4 శాతం పడి, ‘ఇ’ కదలలేదనుకోండి. మొత్తం విలువతో లెక్కిస్తే సూచీ 0.8 శాతం పెరగాలి. ఫ్లోట్ లెక్కలో ‘అ’ ఇచ్చేది 1 శాతం, ‘ఆ’ లాగేసేది 2.16 శాతం. సూచీ 1.16 శాతం పడుతుంది. మీరు చూసింది ఇలాంటిదే అయి ఉండాలి.

ప్రమోటర్లు వాటా అమ్మినా వెయిటేజీ మారుతుంది. ‘అ’ ప్రమోటర్లు కంపెనీలో 15 శాతం వాటా అమ్మితే దాని ఫ్లోట్ 40 వేల కోట్లవుతుంది, మొత్తం ఫ్లోట్ లక్షా 15 వేల కోట్లకు చేరుతుంది. ధరలు కదలకుండా సూచీ ఎగరకూడదు కదా, అందుకే డివైజర్‌నూ 15 శాతం పెంచుతారు. సూచీ ఉన్నచోటే ఉంటుంది, ‘అ’ వెయిటేజీ మాత్రం దాదాపు 35 శాతానికి వెళుతుంది. అప్పుడు సూచీలోని వెయిటేజీల ప్రకారమే షేర్లు కొనే ఇండెక్స్ ఫండ్లు ‘అ’ను కొని, మిగతా రెండింటినీ కొంత అమ్మాల్సి వస్తుంది. ఇది ప్రమోటర్లు అమ్మిన రోజే జరగదు, సూచీ సంస్థ తర్వాతి సవరణలో అమల్లోకి వస్తుంది.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది. ఫ్లోట్ అంటే రోజూ జరిగే ట్రేడింగ్ పరిమాణం కాదు. మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు ఏళ్ల తరబడి అమ్మకుండా ఉంచుకున్న షేర్లు కూడా సాధారణంగా ఫ్లోట్‌లోకే వస్తాయి.

అందుకని మార్కెట్ విలువల జాబితా పక్కనపెట్టి, సూచీ సంస్థ విడుదల చేసే ఫ్యాక్ట్‌షీట్‌లో వెయిటేజీ చూడండి. సూచీ స్థాయిని వెయిటేజీతో, షేరు కదలిక శాతంతో గుణిస్తే ఆ కంపెనీ ఎన్ని పాయింట్లు కదిపిందో తెలుస్తుంది. పై ఉదాహరణలో సూచీ 1,000 దగ్గర ఉంటే ‘అ’ కలిపింది 10 పాయింట్లు, ‘ఆ’ తీసేసింది 21.6.